డీజిల్ బండి ఎన్ని కిలోమీటర్లకి గిట్టుబాటు?

కారు కొనబోయేవాళ్లని షోరూమ్‌లో సేల్స్ కుర్రాడైనా, వీధి చివర మెకానిక్ అయినా ముందు అడిగేది ఒకటే: "రన్నింగ్ ఎంత ఉంటుంది సార్?" మనం చెప్పే జవాబులో కాస్త గొప్ప కలుస్తుంది. "నెలకి వెయ్యి పైనే తిరుగుతుంది" అనేస్తాం. ఇప్పుడు వాడుతున్న కారు సర్వీసు బిల్లులు రెండు తీసి చూస్తే సంగతి తేలిపోతుంది. ప్రతి బిల్లు మీదా తేదీ ఉంటుంది, ఆరోజు మీటరు చూపించిన కిలోమీటర్లూ ఉంటాయి. రెంటికీ మధ్య తేడాని మధ్యలో గడిచిన నెలలతో భాగిస్తే అసలు రన్నింగ్ వచ్చేస్తుంది. నెలకి వెయ్యి అనుకున్నది ఆరువందల దగ్గర ఆగడం మామూలే. డీజిలా, పెట్రోలా అన్న ప్రశ్నకి జవాబు ముప్పాతిక వంతు ఆ ఒక్క అంకెలోనే ఉంది.

డీజిల్ బండి కొంటే చాలు, డబ్బు మిగిలినట్టే అన్న నమ్మకం మన ఇళ్లలోకి ఊరికే రాలేదు. ఒకప్పుడు అది నిజమే. పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో తొలగింది. డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబరు దాకా కొనసాగింది. ఆ నాలుగేళ్లలో రెండు ధరలకీ పొంతన లేకుండా పోయింది. 2012 మే చివర్లో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73.18 రూపాయలుంటే డీజిల్ 40.91. అంటే డీజిల్ ధర పెట్రోలులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. దానికి తోడు డీజిల్ బండి లీటరుకి ఎక్కువ దూరం వెళ్తుంది. రెండూ కలిసి డీజిల్ కారు ఇంధనం ఖర్చు పెట్రోలు కారు ఖర్చులో 40 శాతం దగ్గర ఉండేది. ఆ రోజుల్లో కొన్నవాళ్లు బాగానే మిగుల్చుకున్నారు, బంధువులకీ అదే సలహా ఇచ్చారు.

ఇప్పుడా సలహాకి ఆధారమైన రెండు కాళ్లలో ఒకటి విరిగింది. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. కాబట్టి ఇక్కడ డీజిల్ ఇంకా పన్నెండు రూపాయలు తక్కువకే దొరుకుతోంది. కానీ శాతంలో చూస్తే పెట్రోలు ధరలో డీజిల్ ధర 89 శాతం దాకా వచ్చేసింది. ఇక మిగిలింది మైలేజీ ఒక్కటే. అది నిజమైన లాభమే. లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే శక్తి పది శాతానికి పైగా ఎక్కువ. డీజిల్ ఇంజను గాలిని మరింత గట్టిగా నొక్కి మండిస్తుంది కాబట్టి ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని చక్రాలదాకా చేరుస్తుంది. దీనికి తోడు పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి మూడో వంతు తక్కువ కాబట్టి పెట్రోలు బండి మైలేజీ కాస్త తగ్గుతుంది. కిలోమీటరుకి అయ్యే ఖర్చులో డీజిల్‌దే పైచేయి, అందులో అనుమానం లేదు. అనుమానమల్లా ఆ మిగులు ముందుగా పెట్టే అదనపు డబ్బుకి సరిపోతుందా అన్నదే.

హనుమకొండలో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఆఫీసు కాజీపేట వైపు 5 కిలోమీటర్ల దూరం. రోజూ కారులోనే వెళ్లొస్తే ఏడాదికి దాదాపు 2,800 కిలోమీటర్లు. నెలకోసారి 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న సొంతూరికి వెళ్లిరావడం, ఏడాదికోసారి తిరుపతి, రెండుసార్లు హైదరాబాద్, మధ్యలో పెళ్లిళ్లు, రైతుబజారు. అన్నీ కలిపినా 7,000 కిలోమీటర్లు దాటదు. వాళ్లు ఒకే మోడల్ ఎస్‌యూవీలో ఒకే వేరియంట్‌ని పెట్రోలులో, డీజిల్‌లో చూస్తున్నారు. డీజిల్ ధర లక్షన్నర ఎక్కువ. పెట్రోలు లీటరు 107, డీజిల్ 95 అని పట్టుకుందాం. మీ ఊరి బంకులో ఇవాళ్టి ధర వేరైతే అదే వేసుకోండి, లెక్క చేసే పద్ధతి మారదు.

ముందు కిలోమీటరు ఖర్చు. ఊళ్లోనూ హైవే మీదా కలిపి పెట్రోలు కారు లీటరుకి 13, డీజిల్ కారు 18 ఇస్తుందనుకుంటే, పెట్రోలు కారుకి కిలోమీటరుకి 8 రూపాయల 23 పైసలు, డీజిల్‌కి 5 రూపాయల 28 పైసలు. కిలోమీటరుకి 2 రూపాయల 95 పైసలు మిగులు. ఇక్కడ షోరూమ్ లెక్క మొదలవుతుంది. లక్షన్నరని 2.95తో భాగిస్తే 51,000 కిలోమీటర్లు దాటాక అంతా లాభమే అంటారు. వినడానికి బాగానే ఉంటుంది.

కానీ ఆ లక్షన్నర ఎక్స్ షోరూమ్ తేడా మాత్రమే. లైఫ్ ట్యాక్స్‌ని బండి ధరలో శాతంగా కట్టాలి, పది లక్షలు దాటిన ఈ కారుకి అది 18 శాతం అనుకుందాం. లక్షన్నర మీద ఇంకో 27,000. అంటే జేబులోంచి అదనంగా వెళ్లేది 1,77,000. పైగా ఆ అదనపు ధర ఎప్పుడైనా పన్ను శ్లాబు గీతని దాటిస్తే అసలు కారు ధర మొత్తం మీదే ఎక్కువ శాతం పడుతుంది. పెట్రోలు వేరియంట్ పది లక్షల లోపు, డీజిల్ వేరియంట్ పది లక్షల పైన ఉన్నప్పుడు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. అందుకే కొటేషన్లు ఎప్పుడూ ఆన్ రోడ్ ధరకే అడగాలి, రెండూ ఒకే రోజు, ఒకే వేరియంట్‌కి.

ఇందులో కొంత తిరిగి వస్తుంది కూడా, అది మరిచిపోతే డీజిల్‌కి అన్యాయం చేసినట్టే. ఎనిమిదేళ్ల తర్వాత అమ్మితే డీజిల్ బండికి 45,000 ఎక్కువ పలుకుతుందనుకుందాం. అప్పుడు నికరంగా పోయేది 1,32,000. ఎనిమిదేళ్లకి పంచితే ఏడాదికి 16,500. తర్వాత వడ్డీ. కారు లోన్‌లో కొన్నా, ఉన్న డబ్బుతో కొన్నా వడ్డీ ఉంది. మొదటిదాంట్లో మనం కడతాం, రెండోదాంట్లో మనకి రావలసింది పోతుంది. మొదట 1,77,000 ఇరుక్కుంటుంది, చివరికి దాని విలువ 45,000కి దిగుతుంది కాబట్టి సగటున 1,11,000 ఇరుక్కున్నట్టు లెక్క. ఫిక్స్‌డ్ డిపాజిట్ రేటు 7 శాతం వేసుకుంటే ఏడాదికి దాదాపు 7,800. ఖరీదైన బండికి ఇన్సూరెన్స్ కూడా ఎక్కువే, సగటున 1,500. డీజిల్ ఫిల్టరు, ఖరీదైన ఇంజన్ ఆయిలు వల్ల సర్వీసులో ఇంకో 2,000. అన్నీ కలిపితే, కారు గేటు దాటి బయటికి రాకపోయినా సరే, డీజిల్ కొన్నందుకు ఏడాదికి 27,800 రూపాయలు అదనంగా ఖర్చవుతోంది.

ఈ 27,800ని కిలోమీటరు మిగులుతో భాగిస్తే గిట్టుబాటు అయ్యే చోటు దొరుకుతుంది. మిగులులోంచి ముందు ఒక చిన్న కోత ఉంది. ఇప్పటి డీజిల్ కార్లలో చాలావాటికి యాడ్‌బ్లూ అనే ద్రవం విడిగా పోయాలి, దానికి కిలోమీటరుకి పది పైసలు తీసేద్దాం. మిగిలేది 2 రూపాయల 85 పైసలు. 27,800ని 2.85తో భాగిస్తే 9,750 కిలోమీటర్లు వస్తుంది. ఏడాదికి అంతకంటే ఎక్కువ తిరిగే ఇంటికి డీజిల్ లాభం, తక్కువ తిరిగే ఇంటికి నష్టం. మన హనుమకొండ కుటుంబం 7,000 దగ్గర ఆగింది కాబట్టి ఇంధనంలో ఏడాదికి 20,000 మిగుల్చుకుంటూ, దాని కోసం 27,800 పెడుతోంది. ప్రతిసారీ బంకు దగ్గర బిల్లు తక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఈ నష్టం ఎప్పుడూ కంటికి ఆనదు. అదే రోజూ వరంగల్ నుంచి జనగామ వెళ్లొచ్చేవాళ్లు, ఊళ్లు తిరిగే మెడికల్ రెప్రజెంటేటివ్‌లు ఏడాదికి 20,000 పైనే చేస్తారు. వాళ్లకి అదే బండి ఏటా 29,000 పైనే మిగులుస్తుంది. ఇద్దరికీ ఒకే సలహా చెప్పే వాళ్ల మాట నేనైతే నమ్మను.

ఈ 9,750 రాతిమీద చెక్కిన అంకె కాదు. దాన్ని బాగా కదిపేవి రెండున్నాయి, వాటిని మీ సొంత లెక్కలో జాగ్రత్తగా వేసుకోవాలి.

మొదటిది బండిని ఎన్నాళ్లు ఉంచుకుంటారన్నది. నాలుగేళ్లకే మార్చే అలవాటున్నవాళ్లని చూద్దాం. అప్పటికి డీజిల్‌కి పలికే అదనపు ధర 80,000 ఉందనుకున్నా, మిగతా 97,000ని నాలుగేళ్లకే పంచాలి. ఏడాదికి 24,000 దాటింది. వడ్డీ, ఇన్సూరెన్స్, సర్వీసు కలుపుకుంటే 36,700, గిట్టుబాటు 12,900 కిలోమీటర్లకి వెళ్లిపోయింది. బండి త్వరగా మార్చేవాళ్లు ఇంకా ఎక్కువ తిరగాలన్నమాట.

రెండోది మైలేజీ. ఇక్కడ అందరూ అనుకునేదానికి తిరగబడే సంగతి ఒకటుంది. కంపెనీ కాగితం మీద వేసే మైలేజీ ఎక్కువ చేసి చెబుతుంది కాబట్టి అది డీజిల్‌కి అనుకూలమని చాలామంది అనుమానం. నిజానికి అది డీజిల్ లాభాన్ని తగ్గించి చూపిస్తుంది. కాగితం మీద పెట్రోలు 17.5, డీజిల్ 22 అని ఉంటే కిలోమీటరు మిగులు 1 రూపాయి 79 పైసలే వస్తుంది. ఆ లెక్కన గిట్టుబాటు 16,000 కిలోమీటర్లు దాటిపోతుంది. రోడ్డు మీద రెండు బండ్లూ కాగితం కంటే ఎక్కువ తాగుతాయి కాబట్టి రెంటి మధ్య రూపాయల తేడా కూడా పెరుగుతుంది. అందుకే కాగితం పక్కన పెట్టి, అలాంటి కారే నడుపుతున్న స్నేహితుణ్ణి పట్టుకోండి. ట్యాంకు అంచుదాకా నింపి, మీటరు రాసుకుని, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ అంచుదాకా నింపించి, పోసిన లీటర్లతో భాగించమనండి. డ్యాష్‌బోర్డు తెరమీద కనిపించే అంకె కూడా కాస్త ఉదారంగానే ఉంటుంది.

తిరుగుడంతా ట్రాఫిక్‌లోనే అయితే రెండు బండ్ల మైలేజీ పడిపోతుంది. 12, 15 దగ్గరికి వస్తే యాడ్‌బ్లూ తీసేశాక మిగులు 2 రూపాయల 48 పైసలు, గిట్టుబాటు 11,200. డబ్బు తేడా పెద్దదేమీ కాదు. కానీ ట్రాఫిక్‌లో మాత్రమే తిరిగే డీజిల్ బండికి ఈ లెక్కలో ఎక్కడా కనిపించని ఇంకో ఖర్చు కాచుకుని ఉంటుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాయి. అప్పుడే మారుతి సుజుకీ డీజిల్ కార్ల తయారీ మానేసింది. చిన్న డీజిల్ ఇంజన్లని ఆ నిబంధనలకి తగ్గట్టు మార్చడానికి అయ్యే ఖర్చు చిన్న కారు ధర మోయలేదు. ఆ ఖర్చులో పెద్ద భాగం సైలెన్సరు దారిలో ఉండే డీపీఎఫ్ అనే జల్లెడది. డీజిల్ మండినప్పుడు వచ్చే మసిని అది పట్టేస్తుంది. పట్టిన మసి నిండిపోతూ ఉంటే కొన్ని వందల కిలోమీటర్లకి ఒకసారి ఇంజను దాన్ని తనంతట తానే కాల్చేయాలి. అందుకు పొగగొట్టంలో వేడి 600 డిగ్రీల దాకా ఎక్కాలి. ఇంజను కాస్త ఎక్కువ డీజిల్ చిమ్మి ఆ వేడి పుట్టిస్తుంది, పదీ ఇరవై నిమిషాలు బండి ఆగకుండా, స్థిరమైన వేగంతో నడిస్తే పని పూర్తవుతుంది.

ఇంటి నుంచి ఆఫీసుకి 5 కిలోమీటర్లు, మధ్యలో నాలుగు సిగ్నళ్లు. కాల్చడం మొదలయ్యేలోగా పార్కింగ్ వచ్చేస్తుంది, ఇంజను ఆపేస్తాం. సాయంత్రం మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆపడం. ఇది జరుగుతోందని తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను మామూలు కంటే కాస్త ఎక్కువ తిరుగుతుంటుంది. తెరమీద మైలేజీ ఉన్నట్టుండి పడిపోతుంది. ఆపేశాక కూడా ముందువైపు ఫ్యాను హోరుమంటూనే ఉంటుంది, బానెట్ దగ్గర కాలిన వాసన వస్తుంది. అలాంటప్పుడు వీలుంటే ఆపకుండా హైవే ఎక్కి మరో పావుగంట నడపడం మంచిది.

సగంలో ఆగిన ప్రతిసారీ చిమ్మిన డీజిల్ కొంత సిలిండరు గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు తగ్గాల్సింది పోయి గరిష్ఠ గీత పైకి పెరిగి ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన కొడుతుంది. పల్చబడిన ఆయిలు టర్బోనీ, బేరింగులనీ సరిగా కాపాడదు. ఈలోగా డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైటు వెలుగుతుంది. ఆ దశలో ఔటర్ రింగ్ రోడ్డు లాంటి రోడ్డెక్కి అరగంట స్థిరంగా నడిపితే చాలావరకు ఆరిపోతుంది. పట్టించుకోకుండా తిరిగితే బండి వేగం ఎక్కనివ్వకుండా మొరాయిస్తుంది. అప్పుడు వర్క్‌షాపులో స్కానరు పెట్టి బలవంతంగా కాల్పించాలి, దానికీ లొంగకపోతే జల్లెడ మార్చాలి. చాలా మోడళ్లలో ఆ భాగం ధర లక్ష దాటుతుంది. కిలోమీటరుకి మూడు రూపాయల చొప్పున మిగుల్చుకుని లక్ష కూడబెట్టాలంటే 33,000 కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 7,000 తిరిగే ఇంటికి అది అయిదేళ్ల మిగులు.

యాడ్‌బ్లూకీ తక్కువ రన్నింగ్‌కీ పడదు. అది యూరియా, శుద్ధమైన నీరు కలిసిన ద్రావణం, నిల్వ ఉన్నకొద్దీ చెడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు ఏడాది, 35 డిగ్రీల దగ్గర అయితే ఆరు నెలలు నిలుస్తుందని ప్రమాణాలు చెబుతాయి. ఒకసారి నింపితే పది వేల కిలోమీటర్ల దాకా వచ్చే ట్యాంకు తక్కువ తిరిగే ఇంట్లో ఏడాదిన్నరకి గానీ ఖాళీ కాదు, మధ్యలో రెండు ఎండాకాలాలు రావచ్చు. కాబట్టి అలాంటివాళ్లు ట్యాంకు నిండా పోయించుకోకుండా హెచ్చరిక వచ్చినప్పుడల్లా కొద్దికొద్దిగా పోయించుకోవడం నయం. మొత్తం అయిపోయేదాకా ఆగారో, ఒకసారి ఇంజను ఆపాక బండి మళ్లీ స్టార్ట్ కాదు.

ఇంత చెప్పినా డీజిల్ కొనేవాళ్లు ఉంటారు, వాళ్లని తప్పుపట్టడానికి లేదు. నిండా మనుషులతో, సామానుతో ఘాట్ రోడ్డెక్కేటప్పుడు డీజిల్ ఇంజను లాగే తీరు పెట్రోలుకి రాదు. ఆ సుఖానికి ఏడాదికి ఎనిమిది వేలు పెట్టొచ్చు అనుకుంటే పెట్టుకోవచ్చు. దాన్ని పొదుపు ఖాతాలో మాత్రం రాయకూడదు. అలాంటి లాగుడే కావాలనుకుని టర్బో పెట్రోలుతో పోల్చేవాళ్లు టర్బో పెట్రోలు మైలేజీనే లెక్కలో వేయాలి, అది మామూలు పెట్రోలు కంటే తక్కువ ఇస్తుంది కాబట్టి గిట్టుబాటు గీత డీజిల్ వైపు జరుగుతుంది.

ఈ లెక్కలన్నీ కొత్త బండివి. సెకండ్ హ్యాండ్‌లో డీజిల్, పెట్రోలు ధరల తేడా తగ్గిపోయి ఉంటుంది కాబట్టి గీత కూడా కిందికి దిగుతుంది. అదనంగా పెట్టేది 50,000 మాత్రమే అయితే నాలుగైదు వేల కిలోమీటర్లకే గిట్టుబాటు అవ్వచ్చు. కాకపోతే అక్కడ జనం తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోతారు. అయిదేళ్లలో 25,000 మాత్రమే తిరిగిన డీజిల్ కారు అంటే అయిదేళ్లూ ఊళ్లోనే చిన్నచిన్న దూరాలు నడిచిన కారని అర్థం. అదే ధరకి హైవే మీద 70,000 నడిచిన బండి దొరికితే నేను రెండోదాన్నే ముందు చూస్తాను. రెంట్లో దేన్ని చూసినా డిప్‌స్టిక్ తీసి మట్టం, వాసన చూడండి. సైలెన్సరు గొట్టం లోపల వేలితో తుడవండి. జల్లెడ బాగుంటే వేలికి పెద్దగా మసి అంటదు, నల్లగా అంటితే జల్లెడ పగిలిందో, ఎవరో పీకేశారో అన్నమాట. మెకానిక్ చేత స్కానరు పెట్టించి డీపీఎఫ్‌లో మసి ఎంత శాతం నిండిందో, ఆఖరుసారి కాల్చి ఎన్ని కిలోమీటర్లయిందో చదివించండి. ఆ రెండు అంకెలు చూపించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో వదిలేయండి.